'1984' నవలపై పన్నెండో తరగతి వ్యాసం: మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను

కడప_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది కడప. 'ఒక నవల ఆధారంగా అధికారం, నియంత్రణ' అనే అంశం మీద పన్నెండు వందల మాటల వ్యాసం రాయాలి. నేను జార్జ్ ఆర్వెల్ '1984' ఎంచుకున్నాను. నవలను సమాజ విమర్శగా చదవాలి, కథ చెప్పకూడదు అన్నది మా మేడమ్ షరతు. నా మొదటి పేరా ఇది:

"ఆర్వెల్ 1949లోనే మన కాలాన్ని ఊహించాడు. ఆయన చెప్పిన టెలిస్క్రీన్లు నేడు సీసీ కెమెరాలుగా, ఫోన్లుగా మన చుట్టూ ఉన్నాయి. పెద్దన్న మనల్ని చూస్తూనే ఉన్నాడు."

మేడమ్ దీని పక్కన 'ఇందులో నవల ఎక్కడ ఉంది?' అని ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు. నవల గురించే కదా రాసింది! ఇంకా ఏం కావాలో ఎవరైనా చెప్తారా?

తుంగభద్ర_తమ్ముడు

కెమెరాల గొడవ వదిలెయ్యి చెల్లీ. ఇది స్టాలిన్ కాలపు రష్యా మీద వ్యంగ్యం. నవలలో దేశాన్ని ఏలే పెద్దన్న అంటే మీసాలతో సహా స్టాలిన్. పార్టీ శత్రువుగా చూపే గోల్డ్‌స్టైన్ అంటే స్టాలిన్ వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ. ఏ పాత్ర ఎవరో వరుసగా చెప్పుకుంటూ పోతే అదే సమాజ విమర్శ. నేను డిగ్రీలో ఇలాగే రాశాను, మార్కులు బాగానే వచ్చాయి.

రాణి_ప్రొద్దుటూరు

నియంత్రణ అని చూసి ఇటు వచ్చాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫోను చేతికిస్తే వదలడు. రోజుకు ఒక గంట అని హద్దు పెట్టాం, తాళం పెట్టే యాప్ కూడా వేశాం. దానికీ దారి కనిపెట్టాడు. ఈ నవల చదివిస్తే ఏమైనా మారతాడా?

అనంత_మాస్టారు

రాణి గారూ, ఈ నవల చదివితే మీ అబ్బాయి మీ యాప్ మీద తిరగబడడానికి కొత్త వాదనలు నేర్చుకుంటాడు. మరో రెండేళ్లు ఆగండి.

అమ్మాయీ, నేను అనంతపురంలో చాలా ఏళ్లు ఆంగ్లం చెప్పి విరమించుకున్నవాణ్ణి. మీ మేడమ్ అడిగింది సరైన ప్రశ్న. నీ పేరాలో మూడు వాక్యాలు ఉన్నాయి. ఆ మూడింటినీ నవల తెరవనివాళ్లు కూడా రాయగలరు. పైగా అలా రాస్తే ఆర్వెల్ జ్యోతిష్కుడు అయిపోతాడు. ఆయన రేపటి గురించి జోస్యం చెప్పలేదు. తన కళ్ల ముందున్న దాన్ని పెద్దది చేసి చూపించాడు. విమర్శ అంటే అది.

తుంగభద్ర తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. మీసాలు స్టాలిన్‌వే, గోల్డ్‌స్టైన్‌లో ట్రాట్‌స్కీ పోలికలు ఉన్న మాటా నిజమే. కానీ అక్కడితో ఆపితే పుస్తకం పరాయి దేశం మీద వేసిన కార్టూను అవుతుంది. నవల వెలువడింది 1949 జూన్‌లో. అదే నెలలో అమెరికాలోని ఒక కార్మిక సంఘం వ్యక్తికి ఆర్వెల్ ఉత్తరం రాశాడు. ఇది సోషలిజం మీద గానీ, తాను మద్దతిచ్చే బ్రిటిష్ లేబర్ పార్టీ మీద గానీ దాడి కాదని అందులో స్పష్టంగా చెప్పాడు. కథను బ్రిటన్‌లోనే నడిపినది ఎందుకో కూడా చెప్పాడు: ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు పుట్టుకతో ఇతరుల కంటే గొప్పవాళ్లేమీ కారని చూపడానికట. పాత్రకు పేరు అతికించే పద్ధతిలో ఈ సంగతి జారిపోతుంది.

నవల మొత్తాన్ని పన్నెండు వందల మాటల్లో పట్టలేవు. ఒక్క వస్తువును పట్టుకో. నేనైతే చాక్లెట్ పట్టుకుంటాను. మొదటి భాగంలో రెండు, నాలుగు, ఐదు అధ్యాయాలు మళ్లీ చదివి, చాక్లెట్ రేషన్ గురించి ఎక్కడ ఏమని ఉందో ఇక్కడ రాయి.

కడప_అమ్మాయి

సార్, చదివాను.

రెండో అధ్యాయం: టెలిస్క్రీన్‌లో యుద్ధ విజయం ప్రకటిస్తారు. అది మలబార్ రంగం నుంచి, దక్షిణ భారతంలో గెలిచారట! మొదటిసారి చదివినప్పుడు అసలు గమనించలేదు. ఏదో చెడ్డ వార్త రాబోతోందని కథానాయకుడు విన్‌స్టన్ వెంటనే అనుకుంటాడు. అనుకున్నట్టే, వచ్చే వారం నుంచి చాక్లెట్ రేషన్ ముప్పై గ్రాముల నుంచి ఇరవైకి తగ్గిస్తున్నామని చెప్తారు.

నాలుగో అధ్యాయం: విన్‌స్టన్ ఆఫీసు. ఆ సంవత్సరమంతా రేషన్ తగ్గించబోమని ప్రభుత్వం ఫిబ్రవరిలో మాట ఇచ్చి ఉంది. అది పాత పత్రికలో అచ్చయింది. ఆ మాట తీసేసి, ఏప్రిల్‌లో తగ్గించవలసి రావచ్చు అనే హెచ్చరిక పెట్టడం అతని పని.

ఐదో అధ్యాయం: క్యాంటీన్‌లో భోజనం చేస్తుంటే, రేషన్‌ను ఇరవై గ్రాములకు పెంచినందుకు జనం ఊరేగింపుగా వెళ్లి పెద్దన్నకు కృతజ్ఞతలు చెప్పారని టెలిస్క్రీన్ అంటుంది. తగ్గించామని చెప్పింది నిన్ననే.

తుంగభద్ర_తమ్ముడు

దీంట్లో అంత లోతు ఏముంది? ప్రభుత్వం అబద్ధం చెప్పింది, జనం నమ్మారు. ఒక్క వాక్యంలో అయిపోయింది.

అనంత_మాస్టారు

అయిపోలేదు నాయనా. అబద్ధం చెప్పడం ఐదో అధ్యాయంలో. నాలుగో అధ్యాయంలో జరిగింది వేరే పని. అబద్ధానికి భయం ఒక్కటే, పక్కన పెట్టి పోల్చడానికి నిజం దొరకడం. ఆ నిజాన్ని ముందే తీసేస్తున్నారు. పాత పత్రిక ప్రతులన్నీ వెనక్కి తెప్పించి కాల్చేసి, దిద్దిన ప్రతులు ఆ స్థానంలో ఉంచుతారు. ఇక ముప్పై అనే అంకె ఎక్కడా ఉండదు. ముప్పై లేకపోతే ఇరవై తక్కువో ఎక్కువో ఎవరు చెప్పాలి?

ఆ అధ్యాయంలోనే బూట్ల లెక్క చూడు. పద్నాలుగున్నర కోట్ల జతలు తయారవుతాయని అంచనా. తయారైనట్టు చెప్పుకున్నది ఆరు కోట్ల ఇరవై లక్షలు. విన్‌స్టన్ పాత అంచనాను ఐదు కోట్ల డెబ్బై లక్షలకు దించుతాడు. దాంతో లక్ష్యం కంటే ఎక్కువే సాధించినట్టయింది! అసలు ఒక్క జత కూడా తయారు కాలేదేమో, దేశంలో సగం మంది వట్టి కాళ్లతో తిరుగుతున్నారు అని అతను తనలో తాను అనుకుంటాడు. ఒక అబద్ధం స్థానంలో ఇంకో అబద్ధం పెట్టడాన్ని ఫోర్జరీ అని కూడా అనలేం అన్నది అతని ఆలోచన. అక్కడ ఆగి రెండుసార్లు చదువు.

ఇప్పుడు నీకు ఒక ప్రశ్న. ఆ పని చేస్తున్నప్పుడు విన్‌స్టన్‌కు ఎలా ఉంది?

గుత్తి_గుమాస్తా

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. బూట్ల లెక్క చదివి నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను ఒక కార్యాలయంలో నెలవారీ నివేదికలు తయారు చేస్తాను. ఏ కార్యాలయమో చెప్పను. ఏడాది మొదట్లో ఒక లక్ష్యం పెడతారు. మూడో త్రైమాసికం వచ్చేసరికి అది అందదని అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు పైనుంచి 'సవరించిన లక్ష్యం' వస్తుంది. కొత్త పట్టికలో పాత గడి ఉండదు. మార్చిలో నూటికి నూరు దాటుతాం, అభినందనలు చెప్పుకుంటాం. ఆ పట్టిక గీసేది నేనే. గడులు చక్కగా కుదిరితే నాకు సంతోషంగానే ఉంటుంది, దాచడమెందుకు.

ఆ అమ్మాయి వ్యాసంలో ఇది వాడుకోవచ్చా సార్?

కడప_అమ్మాయి

గుత్తి అన్నా, మీరు రాసింది చదివాకే సార్ ప్రశ్నకు జవాబు దొరికింది. విన్‌స్టన్‌కు జీవితంలో అన్నిటికంటే ఇష్టమైనది అతని పనే అని ఆ అధ్యాయంలో ఉంది! చిక్కు లెక్కలో మునిగిపోయినట్టు అందులో మునిగిపోతాడట. అతను దేశాన్ని ఏలే పార్టీని ద్వేషిస్తాడు, రహస్యంగా డైరీ రాస్తాడు. అయినా ఆ పని చేస్తూ ఆనందిస్తాడు. నేను అతన్ని పూర్తిగా బాధితుడనే అనుకుంటూ వచ్చాను.

అనంత_మాస్టారు

పట్టుకున్నావు. నీ వ్యాసానికి గుండె అదే. అధికారం పెద్దన్న బొమ్మలో లేదు. గుమాస్తా బల్ల మీద ఉంది, అతని పనితనంలో ఉంది. అతనికి వచ్చే ఆదేశాల చీటీలు చూడు. ఎక్కడా 'అబద్ధం రాయి' అని ఉండదు. చాక్లెట్ గురించి వచ్చిన చీటీ ప్రకారం, మంత్రిత్వ శాఖ మాటను పత్రిక తప్పుగా ఉటంకించింది, సరిదిద్దాలి. అంతే. దిద్దుబాటు అనే పేరు ఉంటే చదువుకున్నవాడి మనసు కుదుటపడుతుంది.

ఆర్వెల్‌కు ఇది ఊహాలోకపు సంగతి కాదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చాక, తాను కళ్లారా చూసిన దానికీ పత్రికల్లో వచ్చిన దానికీ పొంతన లేదని రాసుకున్నాడు. 1941 నుంచి 1943 దాకా బీబీసీ తూర్పు విభాగంలో పనిచేశాడు. యుద్ధకాలపు సెన్సారు కింద భారతదేశానికి ప్రసారాలు రాసిన ఉద్యోగి ఆయన. ఆ ప్రసంగాలు వినాలని ఉద్దేశించినది మన తాతలనే. విన్‌స్టన్ బల్ల దగ్గర కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకు లోపలి నుంచి తెలుసు. అందుకే ఆ అధ్యాయంలో కోపం కంటే చిరాకు పుట్టించే ఓర్పు ఎక్కువగా కనిపిస్తుంది, నాకు మటుకు.

గుత్తి గుమాస్తా గారూ, మీ అనుభవం పరీక్ష వ్యాసానికి మధ్యలో వద్దు. చివర ఒక్క వాక్యం చాలు. మీ లక్ష్యానికీ ఆ బూట్లకూ ఒక తేడా ఉంది: మీ పాత పట్టిక ఎవరో ఒకరి ఫైల్లో ఇంకా ఉంటుంది.

గుత్తి_గుమాస్తా

ఉంటుంది సార్. ఎవరూ తెరవరు.

నల్లమల_చరిత్ర

చరిత్ర విద్యార్థిగా ఒక మాట. రేషన్, అంకెలు అంటున్నారు కాబట్టి మన సీమ ఉదాహరణే పెట్టవచ్చు కదా. 1876–78 కరువు, పెద్దవాళ్లు ధాత కరువు అనేది. కర్నూలు, కడప, బళ్లారి వైపు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 మొదట్లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి కరువు పనుల్లో కూలి తగ్గించాడు: మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే నాలుగు వందల యాభై గ్రాములు. రాళ్లు కొట్టేవాడికి! ఇంతకంటే మంచి 'అధికారం, నియంత్రణ' ఎక్కడ దొరుకుతుంది? నవల వదిలేసి ఇదే రాసినా తప్పు లేదు.

అనంత_మాస్టారు

నవల వదిలేస్తే సున్నా వస్తుంది బాబూ, ప్రశ్న నవల మీద. కానీ పోలిక బాగుంది. నువ్వు చెప్పని రెండో సగంతో కలిపితే ఇంకా బాగుంటుంది. ఆ కూలి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ కాగితం మీదే అభ్యంతరం పెట్టాడు. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దాంతోపాటు కూరగాయలు, పప్పు ఉండాలన్నాడు. ఆ మార్చిలోనే ప్రభుత్వం ధాన్యాన్ని పౌనుంపావుకు పెంచి, కొంచెం పప్పు కలిపింది. ఆయన అడిగినంత ఇవ్వలేదు, జనం చావడమూ ఆగలేదు. అయితే ఆయన కాగితం మిగిలింది. నూట నలభై ఏళ్లకు పైగా గడిచాక టెంపుల్‌ను నువ్వు ఇక్కడ నిలదీస్తున్నావంటే ఆ రికార్డు ఉండబట్టే.

ఇప్పుడు కార్నిష్‌ను నవలలోని దేశం ఓషియానియాలో పెట్టి చూడు. ఆయన కాగితం కాలిపోతుంది, ఆయన పేరు ఏ జాబితాలోనూ ఉండదు, పౌను అనేది ఎప్పటికీ పెంచిన కూలే అవుతుంది. ఆకలి పెట్టే అధికారం పాతదే, లోకమంతా చూసినదే. ఆకలిని కొలిచే తూకపురాయినే ఎత్తుకుపోయే అధికారం గురించి ఆర్వెల్ రాశాడు. ఈ తేడా చూపగలిగితే కరువు పేరా ఉంచవచ్చు. లేకపోతే అది అలంకారం.

నల్లమల_చరిత్ర

సార్, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. రికార్డు మిగిలిందని తెల్లవాళ్ల పాలనకు అంత మార్కులు ఇవ్వకూడదు. రికార్డు రాసింది ఎవరు? కార్నిష్ కూడా ఆ ప్రభుత్వ ఉద్యోగే. రాళ్లు కొట్టినవాడి మాట అందులో ఎక్కడ ఉంది? కాల్చనక్కర లేకుండానే అది లేకుండా పోయింది. నవలలో అయినా శ్రామికులను పార్టీ పెద్దగా పట్టించుకోదు, వాళ్ల ఇళ్లలో చాలావాటికి టెలిస్క్రీన్లు కూడా లేవు. జనాభాలో నూటికి ఎనభై అయిదు మంది వాళ్లు. వాళ్లకు ముప్పై గ్రాములు గుర్తున్నాయో లేదో ఆర్వెల్ కూడా చెప్పలేదు.

అనంత_మాస్టారు

ఇది గట్టి అభ్యంతరం. నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆర్వెల్ తన కథను రాయగలిగినవాడి బల్ల దగ్గర నుంచే చెప్పాడు. పుస్తకం బలం అక్కడే ఉంది, గుడ్డిచుక్క కూడా అక్కడే ఉందనవచ్చు. వ్యాసం చివర ఆ అభ్యంతరం పెడితే పరీక్షకులు ఇష్టపడతారు.

తుంగభద్ర_తమ్ముడు

సరే, నాకో సందేహం. అధికారం గురించి రాస్తూ, విన్‌స్టన్‌ను హింసించే పార్టీ అధికారి ఓబ్రయన్‌ను ఎవరూ ఎత్తడం లేదు. అధికారం కోసమే అధికారం అని మూడో భాగంలో అతను సూటిగానే చెప్తాడు. జవాబు రచయితే ఇచ్చేశాడు కదా? దాన్ని ఉటంకిస్తే సరిపోతుంది.

అనంత_మాస్టారు

చెప్పింది ఓబ్రయన్, ఆర్వెల్ కాదు. మంచానికి కట్టి హింసిస్తూ ఒకడు చెప్పే సిద్ధాంతం అది. ఇలా పాత్ర మాటను రచయిత మాటగా తీసుకోవడం నేను దిద్దిన పేపర్లలో అతి తరచుగా కనిపించిన లోపం. అమ్మాయీ, ఉటంకింపు పెట్టినప్పుడల్లా ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో అదే వాక్యంలో రాయి. పుట సంఖ్యలు ముద్రణను బట్టి మారతాయి కాబట్టి భాగం, అధ్యాయం చెప్పు.

రాణి_ప్రొద్దుటూరు

నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, చదువుతున్నాను. మా అబ్బాయి సంగతి పక్కన పెట్టండి. ఈ చాక్లెట్ మళ్లీ ఎక్కడైనా వస్తుందా? రేషన్ బియ్యం కాకుండా పిల్లలు తినే వస్తువే ఎందుకు పెట్టాడా అని.

కడప_అమ్మాయి

వస్తుంది అక్కా! రెండో భాగం ఏడో అధ్యాయంలో విన్‌స్టన్‌కు చిన్నతనం గుర్తొస్తుంది. చాలా వారాల తర్వాత ఇంటికి కొంచెం చాక్లెట్ వస్తుంది. వాళ్లమ్మ అందులో ఎక్కువ భాగం ఇతనికే ఇచ్చి, మిగతాది జబ్బుతో ఉన్న చెల్లెలి చేతిలో పెడుతుంది. అతను చెల్లెలి ముక్క కూడా లాక్కుని పారిపోతాడు. తిరిగి వచ్చేసరికి అమ్మా చెల్లీ ఇద్దరూ లేరు, మళ్లీ కనిపించలేదు. మీరు అడిగేదాకా ఈ రెండు చాక్లెట్లను నేను కలిపి చూడలేదు.

అనంత_మాస్టారు

రాణి గారూ, మా తరగతిలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. ఆఫీసులో ముప్పైని ఇరవై చేసి ఆనందించిన మనిషే, ఏ కాగితంలోనూ లేని ఆ చిన్న ముక్కను ముప్పై ఏళ్లు లోపల మోస్తున్నాడు. అతని ఉద్యోగం ముట్టుకోలేని రికార్డు అదొక్కటే. ఇక అమ్మాయి మూడో భాగం ఆరో అధ్యాయం చూడాలి. అమ్మతో వైకుంఠపాళి ఆడిన ఒక మధ్యాహ్నం అతనికి గుర్తొస్తుంది. ఏం చేస్తాడు?

కడప_అమ్మాయి

అది నిజమైన జ్ఞాపకం కాదని తోసేస్తాడు సార్. అప్పుడప్పుడు అలాంటి తప్పుడు జ్ఞాపకాలు వస్తుంటాయిలే అనుకుంటాడు. అంటే పత్రిక మీద చేసిన పనినే ఇప్పుడు తన మీద చేసుకుంటున్నాడు.

మొదటి పేరా మళ్లీ రాశాను:

"'1984'లో అధికారం మనుషులను చూడడంతో ఆగదు. వాళ్లు పోల్చుకోవడానికి వీలైన ప్రతి ఆధారాన్నీ తీసేస్తుంది. చాక్లెట్ రేషన్ ముప్పై నుంచి ఇరవైకి తగ్గిస్తున్నామని చెప్పిన మర్నాడే, పెంచినందుకు జనం కృతజ్ఞతలు చెప్పారని టెలిస్క్రీన్ ప్రకటిస్తుంది (మొదటి భాగం, ఐదో అధ్యాయం). అదే రోజు పాత వాగ్దానాన్ని చెరిపింది పెద్దన్న కాదు, విన్‌స్టన్ అనే గుమాస్తా; ఆ పనిని అతను ఇష్టంగా చేస్తాడు. చదువుకున్నవాళ్ల పనితనం మీద ఆధారపడి నియంత్రణ ఎలా నడుస్తుందో ఆర్వెల్ ఈ గుమాస్తా ద్వారా విమర్శిస్తాడు. చివరికి ఆ పనితనం అతని సొంత జ్ఞాపకాల మీదికే తిరుగుతుందని ఈ వ్యాసం చూపుతుంది."

అనంత_మాస్టారు

'పోల్చుకోవడానికి వీలైన ప్రతి ఆధారాన్నీ' అన్నది ఎక్కువ. చెల్లెలి చాక్లెట్ మిగిలిందని నువ్వే చూపబోతున్నావు కదా. 'ప్రతి ఆధారాన్నీ తీసేయాలని చూస్తుంది' అని మార్చు. మిగతాది అలాగే ఉంచు.

తుంగభద్ర_తమ్ముడు

సీసీ కెమెరాలు మొత్తానికే పోయాయా?

కడప_అమ్మాయి

పోయాయి అన్నా. వాటి స్థానంలో కరువు పేరా వచ్చింది. నల్లమల అన్న అభ్యంతరాన్ని అందులో పెట్టాలా, ముగింపులో పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. గురువారం మేడమ్‌కు చూపించాలి.

నల్లమల_చరిత్ర

కరువు పేరాలోనే పెట్టమ్మా. చివరికి తోస్తే ఎవరూ చదవరు.